మీ మనిషిని ఏ విభాగానికి తీసుకెళ్లారు?

(జిల్లా ప్రభుత్వ ఆసుపత్రి, రోగుల బంధువుల కోసం)

కంగారులో బోర్డుల మీది పేర్లు ఒక పట్టాన అర్థం కావు. ఒక నిమిషం ఆగి ఇది చదవండి. చదవడం రానివారికి పక్కనున్నవారు చదివి వినిపించండి.

ఓపీ: బయటి రోగుల విభాగం
చీటీ రాయించుకుని, డాక్టరుకు చూపించుకుని, మందులతో ఇంటికి వెళ్లేవారికి. పాత చీటీ ఉంటే తప్పకుండా తెండి.

క్యాజువాలిటీ: అత్యవసర విభాగం
రాత్రీ పగలూ తెరిచే ఉంటుంది. ముందు రోగిని లోపలికి పంపండి, చీటీ సంగతి తర్వాత. ఇక్కడ వరుస లేదు. ఎవరి ప్రాణానికి ఎక్కువ ముప్పు ఉంటే వారినే ముందు చూస్తారు. మీ వెనక వచ్చినవారిని ముందు తీసుకెళ్లారని దయచేసి గొడవపడకండి.

పురుగుమందు తాగినవారిని తెస్తే ఆ డబ్బానూ సంచిలో వేసి తీసుకురండి. విరుగుడు ఆ మందును బట్టే ఉంటుంది. ప్రమాదాలు, కొట్లాటలు, విషం కేసుల్లో కాగితం మీద ‘ఎంఎల్‌సీ’, అంటే పోలీసులకు తెలపాల్సిన కేసు, అని రాసి పోలీసులకు తెలియజేస్తారు. అది చట్టప్రకారం చేసే పని. దాని కోసం వైద్యం ఆగదు.

ఐసీయూ: తీవ్ర చికిత్స విభాగం
రోగిని క్షణక్షణం కనిపెట్టి ఉండాల్సి వచ్చినప్పుడు ఇక్కడ ఉంచుతారు. ఐసీయూ అనగానే ఆశ వదులుకోకండి. కోలుకుని వార్డుకు మారేవారు ఎందరో ఉన్నారు. తెర మీద కదిలే గీతల్లో ఒకటి గుండె కొట్టుకునే తీరును చూపుతుంది. వేలికి పెట్టిన క్లిప్పు రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో చెబుతుంది. ఆ క్లిప్పు జారినా గంట మోగుతుంది, హడలిపోకండి. వెంటిలేటర్ గొట్టం స్వరపేటిక గుండా వెళుతుంది కాబట్టి అది ఉన్నంతవరకు రోగి మాట్లాడలేరు. మీరు మాత్రం మాట్లాడండి, వినిపించవచ్చు.

రోగిని చూడడానికి సాయంత్రం 4 నుంచి 5 వరకు, ఒక్కొక్కరే. చెప్పులు బయట వదిలి, చేతులు సబ్బుతో కడుక్కుని రండి. పూలు, ప్రసాదం లోపలికి వద్దు.

ఎస్‌ఎన్‌సీయూ: నవజాత శిశువుల ప్రత్యేక చికిత్స విభాగం
నెలలు నిండని, బరువు తక్కువున్న, కామెర్లు వచ్చిన పసిపిల్లలు ఇక్కడ ఉంటారు. నీలం దీపం కింద ఉన్న బిడ్డ కళ్లకు గంతలు కట్టేది వెలుగు తగలకుండా ఉండడానికే. తల్లిని పాలివ్వడానికి పిలుస్తారు. అమ్మమ్మలు, నానమ్మలు అద్దంలోంచి చూడవచ్చు.

మిగిలినవి
లేబర్ రూం: కాన్పుల గది. ఓటీ: ఆపరేషన్ గది. పోస్ట్ ఆపరేటివ్ వార్డు: ఆపరేషన్ అయ్యాక ఉంచే చోటు. ఆర్థో: ఎముకల విభాగం. బ్లడ్ బ్యాంక్: రక్తనిధి, డాక్టరు ఇచ్చిన చీటీతో వెళ్లాలి. ఆరోగ్యశ్రీ వివరాలకు ఆరోగ్యమిత్రను అడగండి, రేషన్ కార్డు, ఆధార్ దగ్గర ఉంచుకోండి.

వీల్‌చైరు, స్ట్రెచరు ఉచితం. తోసినందుకు ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి; మొదటి అంతస్తులో సూపరింటెండెంట్ కార్యాలయంలో చెప్పండి.