పప్పన్నం ముద్ద రక్తంలో కలిసేదాకా: స్థూలపోషకాలు, జీర్ణక్రియ, శోషణ

ఒక మధ్యాహ్న భోజనాన్ని ఉదాహరణగా తీసుకుందాం. ఒకరి కంచంలో 100 గ్రాముల బియ్యంతో వండిన అన్నం, 30 గ్రాముల కందిపప్పుతో చేసిన ముద్దపప్పు, 10 గ్రాముల నెయ్యి ఉన్నాయి. చివర్లో కాస్త పెరుగు కూడా ఉంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వెలువరించిన ఆహార పట్టికల ప్రకారం 100 గ్రాముల పాలిష్ బియ్యంలో సుమారు 78 గ్రాముల పిండిపదార్థాలు, 8 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. అంతే బరువున్న కందిపప్పులో మాంసకృత్తులు దాదాపు 22 గ్రాములు. నెయ్యి దాదాపు పూర్తిగా కొవ్వే. గ్రాము పిండిపదార్థానికీ, గ్రాము మాంసకృత్తికీ 4 కిలోకేలరీల చొప్పున, గ్రాము కొవ్వుకు 9 కిలోకేలరీల చొప్పున లెక్కిస్తే, పెరుగును మినహాయించి ఈ భోజనం సుమారు 535 కిలోకేలరీల శక్తినిస్తుంది.

ఈ లెక్క కంచంలో ఉన్న ఆహారానికి మాత్రమే వర్తిస్తుంది. పేగు లోపలి భాగం శరీరం గుండా సాగే గొట్టం వంటిది కనుక, పోషకాలు పేగు గోడను దాటి లోపలికి చేరితేనే అవి శరీరానికి అందినట్టు. పెద్ద అణువులను ఆ గోడ దాటగలిగినంత చిన్నవిగా విడగొట్టడమే జీర్ణక్రియ; అలా విడిపోయినవి గోడను దాటడమే శోషణ. పరీక్షల్లో ఈ రెంటినీ ఒకటిగా కలిపి రాసే జవాబులు తరచుగా కనిపిస్తాయి కాబట్టి, ఈ తేడాను మొదటే గట్టిగా పట్టుకోవాలి.

అన్నంలోని పిండి జీర్ణం కావడం నోటిలోనే మొదలవుతుంది. ముద్దను ఎక్కువసేపు నమిలితే కొద్దిగా తీపి తగలడానికి కారణం, లాలాజలంలోని అమైలేజ్ అనే ఎంజైము పిండిని మాల్టోజ్ వంటి చిన్న చక్కెరలుగా విడగొట్టడమే. దీన్ని ప్రయోగశాలలో స్వయంగా చూడవచ్చు. బాగా పలచన చేసి చల్లార్చిన గంజిని రెండు పరీక్షనాళికల్లో పోసి, ఒకదానిలో మాత్రమే లాలాజలం కలిపి, రెంటినీ గోరువెచ్చని నీటిలో పది, పదిహేను నిమిషాలు ఉంచిన తరువాత ఒక్కొక్క చుక్క అయోడిన్ ద్రావణం వేయాలి. లాలాజలం లేని నాళికలో ముదురు నీలిరంగు వస్తుంది. లాలాజలం కలిపిన నాళికలో ఆ రంగు బాగా తగ్గుతుంది, లేదా అసలే రాదు. మొదటి నాళిక లేకపోతే మార్పుకు కారణం లాలాజలమేనని చెప్పలేం కనుక దాన్ని వదిలేయకూడదు.

జీర్ణాశయంలోని ఆమ్లంతో కలిసిన కొద్దీ లాలాజల ఎంజైము పని ఆగిపోతుంది. అక్కడ పెప్సిన్ పప్పులోని మాంసకృత్తులను ముక్కలు చేయడం మొదలుపెడుతుంది. పచ్చి పప్పులో మాంసకృత్తుల జీర్ణాన్ని అడ్డుకునే పదార్థాలు ఉంటాయి; వేడికి అవి చాలావరకు నశిస్తాయి కాబట్టి పప్పును మెత్తగా ఉడికించడం రుచి కోసం మాత్రమే కాదు.

జీర్ణక్రియలో సింహభాగం జరిగేది చిన్న పేగులో. క్లోమరసంలోని ఎంజైములు పిండి, మాంసకృత్తులు, కొవ్వు మూడింటి మీదా పనిచేస్తాయి. కాలేయంలో తయారయ్యే పైత్యరసంలో ఎంజైములు లేవు, అయినా అది లేకుండా నెయ్యి సరిగా జీర్ణం కాదు. తలంటుకున్నప్పుడు కుంకుడు రసం జుట్టుకున్న నూనెను సన్నని బిందువులుగా విడదీసి నీటిలో కలిసేలా చేసినట్టే, పైత్యలవణాలు కొవ్వును సూక్ష్మ బిందువులుగా చేస్తాయి. అప్పుడు లైపేజ్ ఎంజైముకు పనిచేయడానికి ఎంతో ఎక్కువ ఉపరితలం దొరుకుతుంది.

చిన్న పేగు లోపలి గోడకు ముడతలు, ఆ ముడతల మీద వేలి ఆకారంలో ఆంత్రచూషకాలు, వాటి కణాల మీద మరింత సన్నని సూక్ష్మచూషకాలు ఉంటాయి. గ్లూకోజ్ సోడియంతో జతగా ఈ కణాల్లోకి ప్రవేశిస్తుంది, వాటి వెంట నీరు కూడా వెళుతుంది. విరేచనాలైనప్పుడు ఇచ్చే ఓఆర్ఎస్‌లో ఉప్పుతోపాటు గ్లూకోజ్ ఉండడానికి కారణం ఇదే. చక్కెరలు, అమైనో ఆమ్లాలు రక్తంలో చేరి నేరుగా కాలేయానికి వెళతాయి. నెయ్యిలోని కొవ్వులో ఎక్కువ భాగం మాత్రం శోషరస నాళాల గుండా చుట్టుతిరిగి రక్తంలో కలుస్తుంది. ఆకుకూరల్లోని కెరోటిన్ పేగు గోడ దాటాలంటే కొవ్వు తోడు కావాలి కనుక, తోటకూర పప్పులో చెంచాడు నెయ్యి వేసుకోవడం శాస్త్రం సమర్థించే అలవాటే.

బియ్యపు మాంసకృత్తుల్లో లైసిన్ తక్కువ. కందిపప్పులో లైసిన్ బాగానే ఉన్నా మెథియోనిన్ తక్కువ. రెండూ కలిపి తిన్నప్పుడు ఒకదాని లోటును మరొకటి పూడుస్తుంది. పెరుగు విషయానికొస్తే, తోడుపెట్టిన పాలలో సూక్ష్మజీవులు కొంత లాక్టోజ్‌ను ముందే వాడుకుంటాయి. అందువల్ల పాలు సరిపడని వారిలో చాలామందికి పెరుగు ఇబ్బంది కలిగించదు.

పప్పు పొరల్లోనూ కూరల్లోనూ ఉన్న పీచును మన ఎంజైములు విడగొట్టలేవు. అది పెద్ద పేగుకు చేరాక అక్కడి సూక్ష్మజీవులు అందులో కొంత భాగాన్ని పులియబెట్టి చిన్న కొవ్వు ఆమ్లాలను తయారుచేస్తాయి, పెద్ద పేగు గోడ కణాలు వాటిని శక్తి కోసం వాడుకుంటాయి.