పదేపదే చెప్పే మాటకు ఒక బొమ్మ

స్లైడ్ 1
నల్గొండలో ఉంటాను, ఫ్రీలాన్స్ ఇలస్ట్రేటర్‌ని. మీరు రోజూ పదిమందికీ చెప్పాల్సి వచ్చే మాటను ఒక్క బొమ్మలో గీసిస్తాను. ఈ మూడు పనులూ మన చుట్టుపక్కలవే.

స్లైడ్ 2
ఫ్లోరైడ్ పోస్టర్, మర్రిగూడ వైపు బడుల కోసం
సమస్య: "కాచుకునే తాగుతున్నం గదా!" ఊర్లో ఫ్లోరైడ్ గురించి ఎవరిని కదిపినా ఇదే జవాబు. కాస్తే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడ్ పోదు. నీళ్లు ఆవిరైన కొద్దీ మిగిలినదాంట్లో ఇంకా చిక్కబడుతుంది. పాత పోస్టర్లలో చూస్తే అన్నీ ఫ్లోరైడ్‌తో వంకరపోయిన కాళ్లే. ఇంట్లో తాతకు అలాంటి కాళ్లే ఉన్న పిల్ల ఆ పోస్టర్ కింద ఎలా కూర్చుంటుంది?

స్లైడ్ 3
ప్రక్రియ: మనుషుల్ని గీయనేలేదు. రెండు గిన్నెలు గీశాను. ఒకదాని నిండా నీళ్లు, అందులో పన్నెండు ఎర్ర చుక్కలు. రెండోది పొయ్యి మీద మరిగి సగానికి వచ్చింది, చుక్కలు మాత్రం పన్నెండూ అలాగే ఉన్నాయి. పెన్సిల్ స్కెచ్ ఐదో తరగతి పిల్లల ముందు పెట్టి ఏమీ చెప్పకుండా ఊరుకున్నాం. వాళ్లు చుక్కలు లెక్కపెట్టడం మొదలుపెట్టారు. దాంతో ఫైనల్‌లో వేలు పెట్టి లెక్కించేంత పెద్ద చుక్కలు వేశాను. అడుగున ఒకే వాక్యం: ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగొద్దు.

స్లైడ్ 4
ఫలితం: పోస్టర్‌ను పిల్లల కళ్ల ఎత్తులో అతికించారు. "టీచర్, మా ఇంట్ల కాగినా చుక్కలు పోతలేవు" అని ఒక పాప వచ్చి చెప్పిందట. అంగన్‌వాడీ టీచర్ అక్షరాలు లేని కాపీ అడిగితే అదీ చేసిచ్చాను. నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని ఇది.

స్లైడ్ 5
పుట్టపాక తేలియా రుమాలుకు మడత కార్డు
సమస్య: నూలుకు ముందే కట్లు కట్టి రంగులద్ది నేసే బట్ట ఇది, 2020లో జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు వచ్చింది. అయినా ఎగ్జిబిషన్‌లో "ఇది ప్రింటా?" అనే అడుగుతారు. ధర విని పక్క స్టాల్‌కు పోతారు.
ప్రక్రియ: మగ్గాల దగ్గర కూర్చుని గీశాను. ఆముదం కాయల పొట్టు బూడిద, నూనె కలిపిన నీళ్లలో నానే నూలు, ఆసు పోసే అమ్మ చేతులు, చిటికి కట్టు, రంగు, మగ్గం. రంగులు రుమాలువే: ఎరుపు, నలుపు, తెలుపు. చివరి మడతలో బట్టను తిరగేసే చెయ్యి ఉంటుంది, ఎందుకంటే రెండు వైపులా డిజైన్ ఒకేలా ఉందని తిరగేస్తేనే తెలుస్తుంది.
ఫలితం: కార్డు చూసినవాళ్లు రుమాలు చేతిలోకి తీసుకుని తిరగేస్తున్నారు. నేతన్నలు ఇప్పుడు ప్రతి రుమాలుతోనూ కార్డు ఇస్తున్నారు.

స్లైడ్ 6
బత్తాయి పెట్టెకు లేబుల్
సమస్య: తొక్క ఆకుపచ్చగా ఉంటే పండలేదని పట్నంలో పక్కన పెట్టేస్తారు.
ప్రక్రియ: ఆకుపచ్చ తొక్కతోనే సగం కోసిన కాయ, రసం నిండిన తొనలు. అట్టపెట్టె మీద ఖర్చు పెరగకుండా రెండు రంగుల్లోనే.
ఫలితం: రైతు ఈ కాపుకు కూడా అదే లేబుల్ వేయించాడు.

స్లైడ్ 7
మీ దగ్గరికి వచ్చేవాళ్లు ఎప్పుడూ అడిగే ప్రశ్న ఏదో మెసేజ్ పెట్టండి, వాయిస్ అయినా సరే. రేటు ముందే చెప్తాను. పెన్సిల్ స్కెచ్ మీకు నచ్చాకే రంగులు వేస్తాను.