ఎమ్మిగనూరు మిల్లు షెడ్డు కొటేషన్: పంపేముందు దిద్దాల్సినవి

మహేశ్,

ఎమ్మిగనూరు వేరుశనగ మిల్లు ఆయనకు నువ్వు రాసిన కొటేషన్ చూసినాను. లెక్క తప్పలేదు, రాత తప్పింది. ఇట్లే పోతే ఆర్డరు రావచ్చు గానీ, బిల్లు రోజు గొడవ కూడా దాంతోపాటే వస్తుంది. నా దిద్దుబాట్లు ముందు రాస్తున్నా, తిరగరాసిన జవాబు కింద ఉంది. చదివి, ఒప్పుకుంటేనే పంపు.

మొదటిది రేటు. "చదరపు అడుగుకు 330 రూపాయలు" అని ఒక్క ముక్కలో తేల్చినావు. ఏ చదరపు అడుగు? నేల కొలత 40 x 60, అంటే 2,400. రేకు కొలత వేరు. మధ్యలో 4 అడుగుల ఎత్తు ఇస్తే ఒక్కో వాలు 20.4 అడుగులు వస్తుంది, చూరు కోసం అడుగున్నర కలిపి 22 అడుగుల రేకు వేస్తాం. పొడవులో రెండు వైపులా అడుగు చొప్పున బయటికి వస్తే 62. రెండు వాలులకు 44 x 62, మొత్తం 2,728 చదరపు అడుగులు. నీ 330ని నేలకు వేస్తే 7,92,000, రేకుకు వేస్తే 9,00,240. తేడా 1,08,240 రూపాయలు. మనం నేల కొలత అనుకుని రాసినా, రేపు వేరేవాడు రేకు కొలత మీద 300 అని రాసిస్తే ఆయనకు మనమే ఎక్కువ చెప్పినట్టు కనబడుతుంది. రెండు కాగితాలు పక్కపక్కన పెట్టినప్పుడు మన కాగితం మాట్లాడాలి, నువ్వు ఫోన్‌లో వివరించకూడదు. అందుకే ఐటమ్ వారీగా విడగొట్టినాను.

ఇనుము 6,000 కిలోలు అన్నావు, బాగానే ఉంది. 15 అడుగులకొక ఫ్రేము, 5 ఫ్రేములు, 10 స్తంభాలు అనుకుని నేనూ వేసి చూసినాను, దగ్గరగానే వచ్చింది. అయితే అది అంచనా అని రాయలేదు. ఎక్కువైతే ఎవరి మీద? తక్కువైతే? వేబ్రిడ్జి స్లిప్పు బరువు మీద బిల్లు, 2 శాతం వరకు పెరిగితే వాళ్లది, దాటితే మనది, తగ్గితే తగ్గిన మేరకు వాళ్లకే లాభం అని పెట్టినాను. 2 శాతమంటే 120 కిలోలు, 95 చొప్పున 11,400. అంతవరకు ఎవరూ నొచ్చుకోరు.

"0.5 ఎంఎం రేకు" అనే మాట చాలదు. పెయింటు, పూత కలిపి 0.50 అయితే టీసీటీ, లోపలి ఉక్కు ఒక్కటే 0.50 అయితే బీఎంటీ. రెండోది మందం, ధర ఎక్కువ. మనం చదరపు అడుగుకు వేసిన 62 రూపాయలు టీసీటీకే. ఆయన మైక్రోమీటరు తెప్పించి చూసినా ఇబ్బంది ఉండకూడదంటే ఆ మూడు అక్షరాలు కాగితం మీద ఉండాలి.

30 రోజుల వాలిడిటీ తీసేసినాను. ఇనుము కిలోకు 3 రూపాయలు పెరిగితే 6,000 కిలోలకు 18,000 మన జేబులోంచి పోతుంది. నెల రోజులు ఎదురుచూసి ధర పెరిగినాక ఆర్డరిచ్చేవాళ్లు ఉంటారు, అది తప్పని కూడా అనలేం, మనమే రాసిచ్చాం కదా. పది రోజులు చాలు. "పది రోజులు" అని కాకుండా తేదీ, గంట రాయి. వాళ్లకు అందిన రోజు నుంచా, మనం రాసిన రోజు నుంచా అనే చర్చ ఉండదు. అడ్వాన్సు ఖాతాలో పడాల్సిన గడువు అది, ఫోన్‌లో "సరే" అనే గడువు కాదు.

జీఎస్టీ గురించి నువ్వు రాసిన రెండు వాక్యాల్లో ఒకటి ప్రమాదకరం. "టాక్సు ఎక్స్‌ట్రా" అంటే ఎంతో చెప్పు: 18 శాతం, అందులో 9 సీజీఎస్టీ, 9 ఎస్‌జీఎస్టీ. ఎమ్మిగనూరు మన రాష్ట్రంలోనే కాబట్టి ఇట్లా. రాయచూరు సైటైతే ఐజీఎస్టీ. రెండో వాక్యం "ఈ 18 శాతం మీకు ఇన్‌పుట్ క్రెడిట్‌గా తిరిగొస్తుంది" కొట్టేసినాను. సామాను, బిగింపు కలిపి నేలకు పాతే షెడ్డు స్థిరాస్తి కిందికి పోతే క్రెడిట్ రాదు, సెక్షన్ 17(5) అడ్డుపడుతుంది. ఆయన ఆ లక్షా నలభైవేలు తిరిగొస్తాయని లెక్కేసుకుని ఆర్డరిస్తే ఆ మాట మన మెడకు చుట్టుకుంటుంది. టాక్సు సలహా వాళ్ల ఆడిటరు పని.

"క్యాష్ ఇస్తే 2 శాతం తగ్గింపు" కూడా తీసేయ్. ఒకే పనికి 2 లక్షలు లేదా ఆపైన నగదు పుచ్చుకుంటే ఆదాయపు పన్ను చట్టం ప్రకారం పెనాల్టీ పుచ్చుకున్నవాడికే, అంటే మనకే. విడివిడిగా తీసుకున్నా ఒకే పనికి సంబంధించినదే కాబట్టి తప్పించుకోలేం.

చెల్లింపు: సగం అడ్వాన్సు, సగం పని అయినాక అన్నావు. పని అయినాక ఇనుము మన చేతిలో ఉండదు, వాళ్ల స్థలంలో నిలబడి ఉంటుంది. నాలుగు మెట్లు పెట్టినాను. రెండో మెట్టు లారీ కదలకముందు. వాళ్లు కావాలంటే వర్క్‌షాపుకొచ్చి సరుకు చూసి, వేబ్రిడ్జి స్లిప్పు తీసుకుని డబ్బేయొచ్చు. ఇది వాళ్లకూ మేలే.

ఇక "20 రోజుల్లో రెడీ". ఏ రోజు నుంచి? ఆయన అడిగింది ఉగాదికి అవుతుందా అని. మార్చి 19 ఉగాది. అడిగినదానికి జవాబు మొదటి పేరాలోనే ఉండాలి. నువ్వు దాన్ని ఐదో పేరాలో కూడా రాయలేదు. పునాది మన పని కాదు, అదే మన తేదీని తినేది. ఆ పక్క నల్లరేగడి, వానకు ఉబ్బి, ఎండకు బీటలిస్తుంది. లోతు ఇంజినీరు చూసి చెప్పాలి, మనం కాగితం మీద రాసి ఇరుక్కోవద్దు. కాంక్రీటు పోసి 21 రోజులైనాకనే స్తంభాలు ఎత్తుతాం. వెనక్కి లెక్కేస్తే ఫిబ్రవరి 10 లోపు పోస్తే మార్చి 3న ఎత్తడం మొదలై, 8 రోజుల్లో అయిపోతుంది. వారం చేతిలో ఉంటుంది.

చివర "మీ సమాధానం కోసం ఎదురుచూస్తూ" అని ఆపినావు. ఆయన ఏం చేయాలో చెప్పలేదు. సైటు చూసే రోజు మనమే పెట్టినాను. సంక్రాంతి పోయినాక సోమవారం. ఇంకోటి, ఆయన తెలుగులో అడిగితే "విత్ రిఫరెన్స్ టు యువర్ ఎంక్వైరీ" ఎందుకు? తెలుగులోనే రాయి.

పంపాల్సిన జవాబు ఇది.

తేదీ: 12 జనవరి 2026
విషయం: ఎమ్మిగనూరులో 40 x 60 అడుగుల గోడౌన్ షెడ్డు, కొటేషన్

నమస్కారమండీ. మీరు 10వ తేదీన పంపిన కొలతలు, ఫోటోలు అందినాయి. మీరడిగిన రెండింటికీ జవాబు: మొత్తం ఖర్చు జీఎస్టీతో కలిపి రూ. 9,36,585. ఉగాదిలోపు అవుతుంది, పునాది కాంక్రీటు ఫిబ్రవరి 10 లోపు పోస్తే.

వివరం:
ఇనుప పని (స్తంభాలు, ట్రస్సులు, పర్లిన్లు, బ్రేసింగు; తయారీ, ఒక కోటు ప్రైమరు, రెండు కోట్ల ఎనామిల్, హైడ్రా క్రేన్‌తో ఎత్తడం కలిపి): అంచనా 6,000 కిలోలు x 95 = రూ. 5,70,000
రంగు రేకు, 0.50 ఎంఎం టీసీటీ, వాషరు స్క్రూలతో బిగింపు: రేకు కొలత 2,728 చదరపు అడుగులు x 62 = రూ. 1,69,136
రిడ్జి (కొప్పు రేకు): 62 అడుగులు x 150 = రూ. 9,300
నీటి గట్టరు, కిందికి దిగే పైపులతో: 124 అడుగులు x 220 = రూ. 27,280
కర్నూలు నుంచి రవాణా, లోడింగు: రూ. 18,000
మొత్తం రూ. 7,93,716. జీఎస్టీ 18 శాతం రూ. 1,42,869. కలిపి రూ. 9,36,585.

షెడ్డు నేల కొలత 2,400 చదరపు అడుగులు. స్తంభాల ఎత్తు 16 అడుగులు, మధ్యలో 20. మీకు వేరే కొటేషన్లు వచ్చి ఉంటే రేటు నేల కొలత మీదా, రేకు కొలత మీదా అన్నది ఒకసారి చూసుకోండి.

ఇందులో లేనివి: పునాది, గోడలు, నేల గచ్చు, షట్టర్లు, కరెంటు పని. పునాదిలో పెట్టాల్సిన బోల్టులు, వాటి టెంప్లేటు మేమే ఇస్తాం. వాటి దూరాలు మారకుండా పోయించడం మీ మేస్త్రీ పని. ఇది తప్పితే స్తంభం కూర్చోదు, అక్కడ కోసి వెల్డింగు చేయాల్సి వస్తే అదనపు ఖర్చవుతుంది. మీది నల్లరేగడి కాబట్టి పునాది లోతును మీ ఇంజినీరుతో చూపించుకోండి. ఎంత బరువు, ఎంత గాలి తోపుకు తట్టుకోవాలో మా డ్రాయింగులో రాసిస్తాం.

ఇనుము బిల్లు వేబ్రిడ్జి బరువు మీద వేస్తాం. 6,000 కిలోలపై 2 శాతం వరకు పెరిగితే అదే రేటున మీరు చెల్లించాలి, అంతకు మించింది మా భారం. తగ్గితే తగ్గిన బరువుకు డబ్బు తగ్గుతుంది.

ఈ ధర 22 జనవరి 2026 సాయంత్రం 6 గంటల వరకు. అప్పటిలోపు అడ్వాన్సు మా బ్యాంకు ఖాతాలో పడితే పని పూర్తయ్యే వరకు రేట్లు మారవు. తర్వాతైతే ఆనాటి ఇనుము ధరతో కొత్త కొటేషన్ ఇస్తాం.

చెల్లింపు, బ్యాంకు ద్వారానే:
ఆర్డరుతో 40 శాతం, రూ. 3,74,634
తయారైన సరుకు వర్క్‌షాపు నుంచి బయలుదేరే ముందు 40 శాతం, రూ. 3,74,634
రేకులు బిగించినాక 15 శాతం, రూ. 1,40,488
అప్పగించిన 7 రోజుల్లో 5 శాతం, రూ. 46,829
బరువులో తేడా ఏమైనా ఉంటే చివరి వాయిదాలో సరిచేస్తాం.

అడ్వాన్సు వచ్చిన 5 రోజుల్లో డ్రాయింగు. దానిపై మీ సంతకం అయినాక 20 రోజుల్లో తయారీ. పునాది కాంక్రీటు పోసి 21 రోజులైనాక 8 రోజుల్లో ఎత్తి, రేకు వేసి అప్పగిస్తాం. ఈదురుగాలి, వాన ఉన్న రోజు మనిషి రేకు పట్టుకుని పైకెక్కలేడు, ఆ రోజులు లెక్కలో ఉండవు. రేకు కారడం, వెల్డు వదలడం మీద ఒక సంవత్సరం మా బాధ్యత.

తర్వాత చేయాల్సింది: 19 జనవరి సోమవారం ఉదయం 10 గంటలకు మా మనిషి సైటుకొచ్చి కొలతలు చూస్తాడు, ఖర్చేమీ లేదు. ఆ వేళ కుదురుతుందో లేదో 17వ తేదీ సాయంత్రంలోపు ఇదే నంబరుకు చెప్పండి. వచ్చినప్పుడు మూడు చూపిస్తే చాలు: హైడ్రా లోపలికి వచ్చే దారి, పైన కరెంటు తీగలు ఎక్కడున్నాయి, త్రీ ఫేజ్ కనెక్షన్ ఎంత దూరం. మీ జీఎస్టీ నంబరు, బిల్లు ఎవరి పేరున రావాలో కూడా రాసి ఉంచండి.

షెడ్డు ఎస్టిమేట్లు, ఫ్యాబ్రికేషన్ వర్క్‌షాపు, కర్నూలు

మహేశ్, పీడీఎఫ్‌గా పంపు, వాట్సాప్ మెసేజిగా కాదు. మెసేజి ముక్కలుగా ఫార్వర్డ్ అయితే ధర మాత్రమే తిరుగుతుంది, షరతులు పోతాయి. పంపిన పది నిమిషాలకు ఫోన్ చేసి అందిందా అని మాత్రం అడుగు. తగ్గింపు అడిగితే ఫోన్‌లో ఏ అంకె చెప్పొద్దు. గట్టరు వద్దంటే 27,280, దాని జీఎస్టీ తగ్గుతాయి. అంతకంటే ఇవ్వడానికి ఇందులో పెద్దగా లేదు, ఉందేమో అనుకుంటే నాతో మాట్లాడి చెప్పు.