మీ ట్యాంకు మూత తీసి చూసి ఎన్నాళ్లయింది?

వనస్థలిపురంలో సొంతిల్లున్న అందరికీ నమస్కారం.

ఈ ఉత్తరం చదివాక ఒకసారి మేడెక్కి ట్యాంకు మూత తీయండి. పైకి నీళ్లు తేటగానే కనిపిస్తాయి. టార్చి వేసి, శుభ్రమైన కర్రతో అడుగును కాస్త కదిపి చూడండి. అప్పుడు పైకి లేచే మడ్డి మీదుగానే మీ వంటింటి నీళ్లు రోజూ వస్తున్నాయి.

నల్లాలో వచ్చే కృష్ణా నీళ్లలో కొంత క్లోరిన్ ఉంటుంది. సంపులో ఒకరోజు, పైట్యాంకులో ఒకరోజు నిలవ ఉండేసరికి అది తగ్గిపోతుంది. అడుగున మడ్డి ఉంటే ఇంకా తొందరగా తగ్గుతుంది. బోరు నీళ్లు కూడా కలిపేవాళ్లకు గోడలకు తెల్లటి ఉప్పుపొర పట్టి, దాని సందుల్లో పాచి చేరుతుంది.

దోమల సంగతి కూడా చెప్పాలి. డెంగీ దోమకు మురుగుగుంట అక్కర్లేదు. మూత సరిగ్గా పడని ట్యాంకులోని మంచినీళ్లు చాలు. నీటి అంచున గోడకు గుడ్లు అంటిస్తుంది. అవి ఎండిపోయినా నెలల తరబడి బతికే ఉంటాయి. అందుకే గోడలు రుద్దకుండా నీళ్లు వదిలేసి మళ్లీ నింపితే ట్యాంకు కడిగినట్టు కాదు.

ఈ మాట గట్టిగా ఎందుకంటున్నానంటే, ఒకప్పుడు మా ఇంటికి వచ్చినవాళ్లు అచ్చం అలాగే చేసి డబ్బులు తీసుకెళ్లారు. వారం తిరగకుండానే అమ్మ బిందె అడుగున మళ్లీ ఒండ్రు చూపించింది. ఆ కోపంతోనే ఈ పని నేర్చుకున్నాను.

మా పద్ధతి ఇది. నీళ్లు తోడి, మడ్డిని పంపుతో లాగేస్తాం. గోడలు, పైకప్పు, మూత లోపలివైపు బ్రష్‌తో రుద్ది, ప్రెషర్‌తో కడుగుతాం. తర్వాత ట్యాంకు కొలతను బట్టి బ్లీచింగ్ నీళ్లు పట్టించి, కాసేపు ఉంచి, మళ్లీ కడిగి వదిలేస్తాం. యాసిడ్ అస్సలు వాడం. అది బ్లీచింగ్‌తో కలిస్తే విషవాయువు పుడుతుంది. సంపులోకి దిగేముందు మూత తీసి గాలి ఆడిస్తాం, లోపల గాలిని మీటరుతో చూస్తాం, పైన ఒక మనిషి తాడు పట్టుకుని ఉంటాడు. మూసి ఉన్న సంపులో ప్రాణవాయువు తగ్గి మనుషులు పోతారు. దయచేసి మీ పనివాళ్లను ఊరికే దింపకండి.

వెయ్యి లీటర్ల పైట్యాంకుకు 700 రూపాయలు, 5,000 లీటర్ల సంపుకు 1,500. రెండూ కలిపి చేయిస్తే 1,900. ముందుగా పైసా ఇవ్వొద్దు. అడుగు చూసుకుని, తృప్తిగా ఉంటేనే ఇవ్వండి.

నీళ్లు వృథా అవుతాయని టెన్షన్ వద్దు. మీకు నల్లా వచ్చే రోజు ఉదయమే వస్తాం. ముందురోజు మోటారు వేయకుండా ఉన్న నీళ్లు వాడేసుకుంటే చాలు. జూన్ వానలు మొదలయ్యాక తీరిక దొరకదు కాబట్టి, జతచేసిన కార్డు మీద మీ నల్లా రోజు, ట్యాంకు కొలత రాసి పోస్టులో వేయండి. స్టాంపు అంటించే ఉంది.

ఇట్లు,
మీ పక్క కాలనీలో ట్యాంకులు కడిగే మనిషి

తా.క. మెట్లెక్కలేని పెద్దవాళ్లుంటే కడగకముందు, కడిగాక ట్యాంకు అడుగును ఫోనులో వీడియో తీసి కిందికి తెచ్చి చూపిస్తాం.