చేపల చెరువు రుణ దరఖాస్తు: విస్తీర్ణం, పిల్లల సంఖ్యపై వివరణ

చాపాడు మండలం, కడప జిల్లా
12-06-2025

వ్యవసాయ రుణాల అధికారి గారికి,
మైదుకూరు బ్రాంచి

అయ్యా, నమస్కారం.

నాలుగెకరాలు ఉండగా చెరువు రెండెకరాలకే ఎందుకు, అందులోనూ 4,000 పిల్లలేనా అని మీరు అడిగారు. రెండూ పెంచితే రాబడి పెరిగి కిస్తీలకు సరిపోతుంది కదా అన్నారు. నా లెక్క ఇది.

చెరువు కొలత పొలాన్ని బట్టి కాదు, మే నెలలో బోరు పోసే నీళ్లను బట్టి పెట్టుకున్నాను. పోయిన నెల పైపు కింద 200 లీటర్ల డ్రమ్ము పెడితే 48 సెకన్లకు నిండింది. అంటే గంటకు 15,000 లీటర్లు. మోటరు రోజుకు 9 గంటలు ఆడితే 1,35,000. మా ఎండలకు చెరువులో రోజుకు సెంటీమీటరు దాకా ఆవిరైపోతుంది. రెండెకరాల మీద అది సుమారు 81,000 లీటర్లు. మిగిలింది ఇంకుడుకు సరిపోతుంది, నేల నల్లరేగడి కాబట్టి. నాలుగెకరాలైతే ఒక్క ఆవిరికే 1,62,000 కావాలి, బోరు అంత ఇవ్వదు. కాలవ పారేటప్పుడు ఎవరి చెరువైనా నిండుగానే ఉంటుంది సార్, తేడా తెలిసేది ఏప్రిల్‌లోనే. ఐదడుగుల లోతుకు మొదట నింపడం మాత్రం వానలు, కేసీ కాలవ నీళ్లతోనే.

ఇక పిల్లలు. వేలెడంత పిల్లలు చవక, కానీ సగం కొంగల పాలవుతాయి. అందుకే వంద గ్రాములు దాటిన జీరో సైజు తెస్తాను: శీలావతి 2,400, బొచ్చె 1,000, మోసు 600. బొచ్చె పైనీటిలో, శీలావతి నడుమ, మోసు అడుగున మేస్తాయి కాబట్టి మేత కోసం పెద్దగా పోటీ ఉండదు. 8,000 వేస్తే కాగితం మీద ఏడు టన్నులు వస్తాయి. చెరువులో మాత్రం మబ్బు పట్టిన రోజు తెల్లవారుజామున ఆక్సిజన్ చాలక నోళ్లు తెరుచుకుని పైకి తేలతాయి. ఏరియేటర్లు పెట్టొచ్చు గానీ, వాటి ఖర్చుతో పాటు కరెంటు బిల్లు, టెన్షన్ కూడా పెరుగుతాయి. మొదటి పంటకు అంత సాహసం వద్దనుకున్నాను.

నూటికి పది పోయినా 3,600 మిగులుతాయి. పది నెలలకు బొచ్చె 1,300 గ్రాములు, శీలావతి 900, మోసు 800 చొప్పున మొత్తం మూడున్నర టన్నులు. కిలో 110 లెక్కన 3,85,000 రూపాయలు. ఇందులో సగానికి పైగా తవుడు, వేరుశనగ చెక్కకే పోతుంది, ఆ ఖర్చును అంచనాలో తక్కువ చేసి చూపలేదు.

సెప్టెంబరులో పిల్లలు వదిలితే జులైకి పట్టుబడి. మధ్యలో పైసా రాదు కాబట్టి నెలవారీ కిస్తీ కాకుండా ఏడాదికొకటి, ఆగస్టులో పెట్టమని కోరుతున్నాను.

మట్టి, నీటి పరీక్షల కాపీలు, చెరువు ప్లాను జతచేశాను. బోరు చూడడానికి వస్తే మధ్యాహ్నం పైన రండి. పొద్దున వేయగానే అన్ని బోర్లూ బాగానే పోస్తాయి, నాలుగైదు గంటలు ఆడాకే అసలు ధార తెలిసేది.

ఇట్లు,
సుబ్బరాయుడు, రైతు