జీడిపిక్కల సరఫరా ఒప్పందం: 7వ క్లాజు, దొరకని షెడ్యూల్-బి

బాబాయి గారికి నమస్కారం.

డ్రైవ్‌లో మీరు పెట్టిన ఫైలు మొత్తం చదివాను. 7వ క్లాజు బాగుందా అని అడిగారు. ఇప్పుడే సరేనని చెప్పలేను. ధరలో కోతలు తేల్చే షెడ్యూల్-బి అందులో లేదు. విషయసూచికలో 12వ పేజీ అని ఉంది, కానీ షెడ్యూల్-ఎ అయ్యాక, అడుగున ‘14లో 11’ అన్న పేజీతో ఫైలు ఆగిపోయింది. చివరి మూడు పేజీలు స్కాన్‌లో పడలేదో, అసలు తయారే చేయలేదో కొనేవాళ్లే చెప్పాలి.

క్లాజు చెప్పేది ఇదీ: సరుకు షెడ్యూల్-బి ప్రమాణాలకు తగ్గితే కొనుగోలుదారు దాని ప్రకారం ధర కోయవచ్చు, ఆ షెడ్యూల్‌ను ఎప్పటికప్పుడు మార్చుకోనూవచ్చు. నాకు భయం ఈ రెండో సగంతోనే. 80 కిలోల బస్తాకి ఎన్ని పౌండ్ల పప్పు దిగాలి, ఒక పౌండు తగ్గితే ఎంత కోత, తేమ ఎంతవరకు ఒప్పుకుంటారు, కిలోకి ఎన్ని పిక్కలు తూగాలి, అన్నీ అందులోనే ఉండాలి. శాంపిల్ ఎక్కడ తీస్తారన్నదీ ముఖ్యమే. పర్లాకిమిడిలో మన గోదాం దగ్గర ఆరిన పిక్క, వానలో లారీ ఎక్కి పలాస చేరేసరికి చెమ్మ పట్టొచ్చు. ఆ తేడా ఎవరి నెత్తిన పడుతుంది?

‘పోయినేడు లెక్కే, ఫోన్‌లో అనుకున్నాం కదా’ అంటారేమో. రాతలో ఉన్నదానికి విరుద్ధంగా నోటిమాటను సాక్ష్యంగా కోర్టు మామూలుగా తీసుకోదు. పోనీ షెడ్యూల్ లేదు కాబట్టి క్లాజు చెల్లదనుకుందామా? 1872 కాంట్రాక్ట్ చట్టం 29వ సెక్షన్ ప్రకారం, అర్థం తేల్చలేని ఒప్పందం చెల్లదు నిజమే. కానీ ధర తేలకపోతే సమంజసమైన ధర ఇవ్వాలని 1930 సరుకుల అమ్మకం చట్టం 9వ సెక్షన్ అంటుంది. ఏది సమంజసమో రుజువు చేయడానికి తిరగాల్సింది మీరే.

వాళ్లకి ఈ మాటలే పంపండి: “ఫైల్లో 12 నుంచి 14 పేజీలు లేవు. షెడ్యూల్-బి పూర్తిగా పంపగలరు. దాన్ని మార్చాలంటే ఇద్దరి సంతకాలూ ఉండాలనీ, అప్పటికే లారీ ఎక్కిన సరుకుకి పాత లెక్కే వర్తిస్తుందనీ, శాంపిల్ కటింగ్ మా మనిషి ఎదుటే జరగాలనీ 7వ క్లాజులో చేర్చగలరు. అవి చూశాకే సంతకం చేస్తాం.”

9వ క్లాజులో డబ్బు చెల్లింపు గడువు బాగానే ఉంది. కేసులు పలాసలోనే వేయాలన్న 13వ క్లాజు మనకి అనుకూలం కాదు గానీ, దానికోసం బేరం చెడగొట్టుకోనక్కర్లేదు. డిపాజిట్ చెక్కు మాత్రం ఇప్పుడే ఇవ్వకండి, తారీఖు వేయకుండా కూడా.

షెడ్యూల్ వచ్చాక పోయినేడు వాళ్లు కోతలు వేసిన బిల్లులూ దాంతో పాటు పంపండి, పక్కపక్కన పెట్టి చూస్తాను.