ఎలివేటర్ హెడ్ షాఫ్టు నడిమి భాగం టాలరెన్సు సడలించమని విన్నపం

ములుగు రోడ్డు పారిశ్రామికవాడ,
వరంగల్.
తేదీ: 18-08-2025

డిజైన్ విభాగం మేనేజర్ రాజేశ్వర్ గారికి,
కరీంనగర్.

విషయం: డ్రాయింగ్ 214, సవరణ 2 – బకెట్ ఎలివేటర్ హెడ్ షాఫ్టు – 50 వ్యాసం, 480 పొడవు భాగం గురించి.

రాజేశ్వర్ గారికి నమస్కారం.

వానాకాలం వడ్లు మిల్లులకు చేరకముందే 60 షాఫ్టులు కావాలని మీరు పంపిన ఆర్డరు అందింది. ఈఎన్8 రాడ్లు తెప్పించాం, కోత మొదలైంది. అయితే టర్నింగ్‌కు ఎక్కించకముందే ఒక విషయం మీ ముందు పెడుతున్నాను. పర్చేజ్ వాళ్లకు ఫోన్‌లో చెప్పి ఊరుకునే విషయం కాదు, డ్రాయింగ్ గీసినవాళ్లే తేల్చాలి. అందుకే నేరుగా మీకే రాస్తున్నాను.

ఈ షాఫ్టులో రెండు చివర్లా 6208 బేరింగులు కూర్చునే 40 k6 సీట్లున్నాయి. అంటే 40 మీద 2 నుంచి 18 మైక్రాన్లు ఎక్కువ. వాటిని మార్చమని నేను అడగడం లేదు. అక్కడ వదులైతే బేరింగ్ లోపలి రింగు షాఫ్టు మీద జారుతుంది, సీటు అరిగిపోతుంది, సీజన్ నడుమ మిల్లు ఆగుతుంది. కీవేలు, పొడవులు, చివరి త్రెడ్డు అన్నీ డ్రాయింగ్‌లో ఉన్నట్టే ఉండనివ్వండి. నా విన్నపమంతా రెండు బేరింగ్ సీట్ల నడుమ ఉన్న 50 వ్యాసం భాగం గురించే. అక్కడ డ్రాయింగ్ 480 మిల్లీమీటర్ల పొడవునా 50 h6 అడుగుతోంది. వ్యాసం 50కి మించొద్దు, 49.984కి తగ్గొద్దు. ఆ పొడవంతా Ra 0.8 నునుపు కావాలి, బేరింగ్ సీట్లతో పోలిస్తే రనౌట్ 0.02 దాటొద్దు.

ఆ 480లో ఏ భాగానికి ఏం తగులుతుందో మీ అసెంబ్లీ డ్రాయింగ్‌లో చూశాను. రెండు పక్కలా, అంచు నుంచి 90 మిల్లీమీటర్ల లోపు, కేసింగ్ గోడ దగ్గరి ఫెల్ట్ సీలు, దాని పక్కన డ్రమ్ము హబ్బు వస్తున్నాయి. నడుమ మిగిలిన 300 మిల్లీమీటర్లు డ్రమ్ము లోపల, రెండు హబ్బుల మధ్య ఖాళీలో ఉంటాయి. దానికి ఏదీ తగలదు, దాని మీద ఏదీ కూర్చోదు. నిమిషానికి వందకు అటూఇటూగా తిరిగే షాఫ్టు కాబట్టి బ్యాలెన్సు కోసం కూడా అక్కడ ఆ కొలత అక్కర లేదు. డ్రమ్మేమో ప్లేటు వంచి వెల్డింగ్ చేసింది. దాని పై తలం తేడా మిల్లీమీటర్ల లెక్కలో ఉంటుంది. లోపల ఎవరికీ కనబడని షాఫ్టు నడిమికి మైక్రాన్లు పట్టుకుంటే బెల్టు నడకలో మార్పేమీ రాదు.

ఆ 300 మిల్లీమీటర్లు మా దగ్గర ఎంత పని తింటున్నాయో చెప్తాను. షాఫ్టును రెండు సెంటర్ల మధ్య పెట్టి గ్రైండ్ చేస్తున్నప్పుడు చివర్లు గట్టిగా నిలబడతాయి. నడుమ మాత్రం చక్రం ఒత్తిడికి వెనక్కి వంగి, చక్రం దాటాక మళ్లీ యథాస్థానానికి వస్తుంది. అందుకే నడిమి భాగం ఎప్పుడూ చివర్ల కన్నా లావుగా తేలుతుంది. స్టెడీ పెట్టాలి, కోత పెంచకుండా చక్రాన్ని అటూఇటూ నాలుగైదుసార్లు తిప్పాలి, మూడు చోట్ల కొలవాలి. 16 మైక్రాన్ల బ్యాండులో నడిమిని దారికి తెచ్చేలోపు చివర్లు 49.984 కిందికి జారతాయి. ఒకసారి తగ్గిన షాఫ్టును పెంచలేం, అది స్క్రాపే.

దీనికి తోడు వేడి. ఉక్కు ఒక డిగ్రీ వేడెక్కితే మీటరుకు దాదాపు 11.5 మైక్రాన్లు సాగుతుంది. ఈ లెక్కన 50 వ్యాసం షాఫ్టు మైక్రోమీటర్ కన్నా 10 డిగ్రీలు వేడిగా ఉంటే దాదాపు 6 మైక్రాన్లు లావుగా చూపిస్తుంది. మీరిచ్చిన 16లో మూడో వంతుకు మించి అక్కడే పోతుంది. ఎండాకాలంలో వరంగల్‌లో రేకుల షెడ్డు ఎలా కాగుతుందో మీకు తెలియంది కాదు. మే నెలలో చేసిన లాటుకు ప్రతి షాఫ్టునూ గ్రైండింగ్ అయ్యాక స్టాండు మీద చల్లారనిచ్చి, మైక్రోమీటర్ కూడా దాని పక్కనే ఉంచి, ఆ తర్వాతే కొలిచాం. తేడా ఉంటే మళ్లీ సెంటర్ల మధ్యకు ఎక్కించాం. బేరింగ్ సీటు కోసం ఈ జాగ్రత్త ఎప్పుడూ తీసుకుంటాం. అది చిన్న చోటు, చక్రం నేరుగా లోపలికి దింపితే ఒక్క దెబ్బలో కొలతకు వస్తుంది. 480 పొడవు మొత్తానికి అదే జాగ్రత్త అంటే పని వేరేలా ఉంటుంది.

ఇంకోటి, కీవేల సంగతి. 14 వెడల్పు కీవే ఒక పక్క కోయగానే రాడ్డు లోపలి బిగువు సడలి కాస్త వంగుతుంది. ప్రెస్ మీద సరిచేస్తాం. సరిచేసిన రాడ్డు గ్రైండింగ్‌లో పొర పోతుంటే మళ్లీ కదులుతుంది. 0.02 రనౌట్ మొత్తం పొడవుకు అడిగినందువల్ల ఈ సరిచేసే పని రెండోసారి చేయాల్సి వస్తోంది. హబ్బుల దగ్గర మాత్రమే చూడాలంటే చాలావరకు ఒకేసారిలో తేలిపోతుంది.

కాబట్టి నేను అడుగుతున్న మార్పు ఇది. రెండు పక్కలా 90 మిల్లీమీటర్ల చొప్పున 50 h7 ఉంచండి, అంటే 50 నుంచి 49.975 వరకు. Ra 0.8 అక్కడ అలాగే ఉంటుంది, ఫెల్ట్‌కూ హబ్బుకూ అది కావాలి. రనౌట్ అక్కడ 0.03 చేయండి. నడిమి 300 భాగాన్ని 49కి తగ్గించి ±0.2 ఇవ్వండి. లేత్ మీద తీసిన Ra 3.2 నునుపుతో వదిలేయండి, రనౌట్ గడి తీసేయండి. మెట్టు దగ్గర పదునైన మూల లేకుండా వంపు ఇస్తాం.

h6 నుంచి h7కు వస్తే హబ్బు వదులవుతుందేమో అన్న సందేహం మీకు వస్తుంది. మీ హబ్బు బోరు 50 H7, అంటే గరిష్ఠంగా 50.025. ఇప్పటి డ్రాయింగ్ ప్రకారం అత్యంత వదులుగా పడితే సందు 41 మైక్రాన్లు. నేను అడిగిన ప్రకారం 50. కీ, గ్రబ్ స్క్రూలతో పట్టే హబ్బుకు ఈ 9 మైక్రాన్ల తేడా వల్ల నాకైతే ఇబ్బంది కనబడటం లేదు. అయినా మీ అనుభవంలో అక్కడ చప్పుడు వచ్చిందంటే, హబ్బుల కింద h6నే ఉంచండి. 90 పొడవులో అది పట్టుకోగలం. అసలు భారం నడిమి 300దే.

49కి తగ్గిస్తే బలం తగ్గదా అని కూడా లెక్క చూశాను. వంపును తట్టుకునే శక్తి వ్యాసం ఘనాన్ని బట్టి ఉంటుంది కనుక 50 నుంచి 49కి వస్తే 6 శాతం తగ్గుతుంది. కానీ ఈ షాఫ్టులో బలహీనమైన చోటు నడుమ కాదు, కీవే ఉన్న హబ్బు దగ్గర. కీవే మూలల్లో ఒత్తిడి పోగయ్యే తీరుతో పోలిస్తే నడుమ ఈ 6 శాతం చిన్నది. అది కూడా వద్దనుకుంటే 50 వ్యాసమే ఉంచి నడుమ h11 ఇవ్వండి, అంటే 49.840 వరకు. లేత్ మీద అదీ సులువే. కాకపోతే 49 అయితే మీ ఫిట్టర్లకు ఒక మేలుంది. డ్రమ్ము రెండు హబ్బులతో కలిపి ఒకే ముక్క కదా, షాఫ్టును మొదటి హబ్బులోంచి పొడవునా దూర్చి రెండో హబ్బుకు చేర్చాలి. వెల్డింగ్‌లో హబ్బులు కొంచెం వంకరైనా నడుమ సన్నగా ఉన్న షాఫ్టు పట్టేయకుండా పోతుంది.

ఇక డబ్బు సంగతి. ఇప్పుడు పీసుకు 2,300 రూపాయలకు ఇస్తున్నాం. మార్పు ఒప్పుకుంటే 1,900కు ఇస్తాను. నడిమి భాగం గ్రైండింగ్ 40 నిమిషాలు తగ్గుతుంది. మా గ్రైండర్ గంటకు 450 లెక్కన అది 300. నడిమి కొలత తప్పి లాటుకు నాలుగైదు షాఫ్టులు స్క్రాపుకు పోవడం ఆగితే పీసుకు 120 మిగులుతుంది. నడిమిని 49కి తీయడానికి లేత్ మీద 20 రూపాయల పని పెరుగుతుంది. మిగిలిన 400 పూర్తిగా మీకే వదులుతున్నాను. 60 పీసులకు 24,000. నాకు మిగిలేది గ్రైండర్ సమయం. 40 గంటలంటే ఒక షిఫ్టులో అయిదు రోజులు. సీజన్ ముందు మా దగ్గర ఆ ఒక్క యంత్రం కోసమే జాబులు వరుసలో ఉంటాయి. మీ లాటు కూడా ఆ మేరకు ముందే చేతికొస్తుంది.

నాకు కనబడని అవసరం ఏదైనా ఆ నడిమి భాగానికి ఉంటే దయచేసి చెప్పండి. వేరే మోడల్‌లో ఇదే షాఫ్టు మీద మూడో హబ్బు గానీ, ఇంకేదైనా గానీ కూర్చుంటే నా లెక్క మారుతుంది. అప్పుడు ఆ చోటు ఎక్కడో గుర్తిస్తే అంతవరకే గ్రైండ్ చేస్తాం.

ఒప్పుకునే పక్షంలో నోటి మాటగా కాకుండా డ్రాయింగ్‌ను సవరణ 3గా మార్చి పంపండి. మీ ఇన్‌స్పెక్టర్ చేతిలో పాత కాగితం ఉంటే ఆయన పాత కొలతకే చూస్తారు, చూడాలి కూడా. సవరణకు టైం పడుతుందంటే ఈ లాటు వరకు డీవియేషన్ లెటర్ మీ సంతకంతో ఇచ్చినా చాలు. ముందే చేతిలో పెట్టి చూడాలంటే కొత్త కొలతకు రెండు షాఫ్టులు నా ఖర్చుతో చేసి పంపుతాను. ఒక ఎలివేటర్‌కు బిగించి నడిపి చూడండి.

టర్నింగ్ ఈ నెల 28న మొదలుపెట్టాలి. ఆలోపు మీ జవాబు వస్తే కొత్త కొలతకు వెళ్తాం. రాకపోతే, లేదా కుదరదంటే, ఇప్పటి డ్రాయింగ్ ప్రకారమే, అదే 2,300కు, చెప్పిన తేదీకే 60 షాఫ్టులూ ఇస్తాం. ఈ ఉత్తరం వల్ల ఆర్డరులో ఏ ఆలస్యమూ ఉండదు.

కొలతలు గుర్తుపెట్టిన స్కెచ్ ఒకటి దీంతో జత చేశాను.

ఇట్లు,
మీ సదానందం
ప్రొప్రయిటర్

జత: 50 వ్యాసం భాగం స్కెచ్, ఒక పేజీ.